నోట్స్ లేని మీటింగ్‌కి మినిట్స్ రాయమంటే

*"మా బోదె రైతుల సంఘం మీటింగ్ పోయిన నెల జరిగింది. నేను వెళ్లలేదు. ఇప్పుడు ప్రెసిడెంట్ గారు మినిట్స్ రాసి పట్టుకురమ్మంటున్నారు, బ్యాంకులో ఇవ్వాలట. ఎవరెవరు వచ్చారో, ఏం మాట్లాడుకున్నారో, ఏం తీర్మానించారో ఎక్కడా కాగితం లేదు. అడిగితే 'మామూలుగా రాసేయ్' అంటున్నారు. ఎలా రాయాలి?"*

"మామూలుగా" మాత్రం రాయకండి. నేను కోనసీమలో మా ఊరి సంఘానికి ఆరేళ్లు లెక్కలు, పుస్తకాలు చూశాను. ఒకసారి అలా రాసి చాలా ఇబ్బంది పడ్డాను.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక బోదెలో పూడిక, గుర్రపుడెక్క తీయించాలని మీటింగ్ పెట్టారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. రెండు వారాల తర్వాత "ఎకరానికి మూడొందలు, అందరూ ఒప్పుకున్నారు, రాసేయ్" అన్నారు. సభ్యుల జాబితా ముందు పెట్టుకుని, వచ్చి ఉంటారనుకున్న ముప్పై పేర్లు రాశాను. కింద "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని చేర్చాను. ఆ ముప్పైమందిలో ఒకాయన ఆ రోజు కూతురి పురుడు కోసం హైదరాబాద్‌లో ఉన్నారు. వసూలుకి వెళ్తే ఆయన పుస్తకం తెరిపించి, తన పేరు మీద వేలు పెట్టి "నేను లేని రోజు నా పేరెలా వచ్చిందండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన పేరు తప్పయితే మిగతా ఇరవై తొమ్మిది మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు? వసూలు ఆగిపోయింది. మళ్లీ మీటింగ్ పెట్టుకునేసరికి కాలువలకి నీళ్లు వదిలేశారు. ఆ ఏడు సార్వాలో శివారు చేలకి నీరు సరిగ్గా అందలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

ఇప్పుడు మీ సంగతి. లేని మూడూ ఒకే బరువున్నవి కావు. ఎవరేం మాట్లాడారన్నది లేకపోయినా మినిట్స్ నిలబడతాయి. హాజరు, తీర్మానం లేకపోతే నిలబడవు. కాబట్టి మాటల్ని ఊహించి నింపే పని పెట్టుకోకండి, ఆ రెంటి కోసమే తిరగండి.

హాజరుకి మొదట సంతకాల రిజిస్టర్ ఉందేమో చూడండి. నోటీసు పుస్తకంలో సంతకాలు కనిపిస్తే పొరబడకండి, నోటీసు అందినట్టు పెట్టిన సంతకం మీటింగ్‌కి వచ్చినట్టు కాదు. ఎవరి ఫోన్‌లోనైనా ఆ రోజు ఫొటో ఉంటే పేర్లు తెలుస్తాయి. టీల బిల్లు దొరికితే మంది ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, అంతే. ఆ పేర్లవాళ్లని ఒక్కొక్కరినీ "మీరు వచ్చారా?" అని అడిగి, అవునన్నవాళ్లవే రాయండి.

తీర్మానానికి, మీటింగ్‌లో ఉన్న ముగ్గుర్ని విడివిడిగా కలిసి ఒకే ప్రశ్న అడగండి: ఎంత, ఎవరికి, ఎప్పటికల్లా? ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెడితే మొదట మాట్లాడినవాళ్ల మాటే మిగతావాళ్లూ అంటారు. మా గొడవ తర్వాత నేనలా అడిగితే ఇద్దరు "మూడొందలు" అన్నారు. మూడో ఆయన "మూడొందలే గానీ శివారు వాళ్లకి సగం అనుకున్నాం కదా" అన్నారు. మా బోదె కింద 180 ఎకరాలు, అందులో శివారు 60. అందరికీ 300 అయితే 54,000 వస్తుంది, శివారుకి సగమైతే 45,000. తొమ్మిది వేల తేడా. అంటే అసలు ఆ రోజు విషయం తేలలేదు. తేలనిదాన్ని నేను తేలినట్టు రాసేశాను.

మీకు ముగ్గురి మాటా కలిస్తే, దాచకుండా ఇలా మొదలుపెట్టండి: "ఈ సమావేశంలో నోట్స్ తీసుకోలేదు. హాజరైన సభ్యులను అడిగి తెలుసుకున్న మేరకు ఫలానా తేదీన రాయడమైనది." ఆ తేదీ మీరు రాస్తున్న రోజుదే కావాలి. వచ్చిన పేర్లు, తీర్మానం ఒక్కొక్క వాక్యంలో రాసి, వచ్చినవాళ్లకి చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. ఏకగ్రీవమని మీకు తెలియకపోతే ఆ మాట వద్దు. వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా చదివి ఆమోదం రాయించండి.

మాట కలవకపోతే పాత మీటింగ్‌కి తీర్మానం రాయకండి. మీ బైలాలో ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో, కోరం ఎంతో చూసుకుని మళ్లీ పిలిపించండి, కొత్త తేదీతో తీర్మానం చేయించండి. సాధారణంగా బ్యాంకు వాళ్లు చూసేది డబ్బు ఎంత, దేనికి, చెక్కు మీద సంతకం చేసేదెవరు అన్నవే. కొత్త తీర్మానంలో అవి స్పష్టంగా ఉంటే సరిపోవచ్చు.

ప్రెసిడెంట్ గారితో "రాయను" అనకండి. పేర్లు, మొత్తం, గడువు ఖాళీగా వదిలి మిగతాది రాసిన కాగితం ఆయన చేతికిచ్చి "ఈ మూడూ మీరు చెప్పండి, ఇక్కడే రాస్తాను" అనండి. మా ప్రెసిడెంట్ గారు ఆ ఖాళీలు చూసి కాసేపు ఆలోచించి, "ఆదివారం అందర్నీ రమ్మందాం" అన్నారు.