మొదటి పేరాలో మాట్లాడేది ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి పేరా చదివాను. మూతపడిన మిల్లు, గేటు ముందు జీతం బకాయిల కోసం నిలబడ్డ కార్మికులు, ఆగని వాన. "టోన్ విషాదంగా వచ్చిందా?" అని అడిగావు. విషాదం వచ్చింది, కానీ అది ఆ గేటు దగ్గరి విషాదం. దాన్ని మూడ్ అందాం, లేదా వాతావరణం. టోన్ అంటే ఆ గేటును మనకు చూపిస్తున్న మనిషి గొంతు. అతను ఏడుస్తున్నాడా, ఎగతాళి చేస్తున్నాడా, విసుగుతో ఉన్నాడా అన్నది టోన్. నీ పేరాలో వాన ఉంది, గేటు ఉంది, చూపించే మనిషి లేడు.

ఈ తేడా తెలియాలంటే చార్లెస్ డికెన్స్ రాసిన 'బ్లీక్ హౌస్' మొదటి పేరా ముందు పెట్టుకో. 1852లో ధారావాహికగా మొదలైన నవల అది. ఒక వీలునామా మీద లండన్ ఛాన్సరీ కోర్టులో తరాలుగా నడుస్తున్న దావా దానికి వెన్నెముక. మొదటి పేరాలో మాత్రం దావా ఊసు ఉండదు. ఉన్నదంతా నవంబరు బురద. మొత్తం 8 వాక్యాలు. మొదటిది ఒకే ఒక్క మాట: "లండన్." రెండోది కోర్టు విడత ఈమధ్యే ముగిసిందనీ, ఛాన్సరీ కోర్టు పెద్ద న్యాయమూర్తి అయిన లార్డ్ ఛాన్సలర్ లింకన్స్ ఇన్ హాలులో కూర్చుని ఉన్నాడనీ చెబుతుంది. మూడోది ఇంగ్లీషులో 3 మాటలు: కనికరం లేని నవంబరు వాతావరణం. నాలుగోది ఒక్కసారిగా 43 మాటలకు సాగుతుంది. భూమి మీది నీళ్లు ఇప్పుడే తీసినట్టు వీధుల నిండా బురద, 40 అడుగుల మెగలోసారస్ అనే డైనోసార్ ఒకటి పెద్ద బల్లిలా హోల్‌బర్న్ మిట్ట ఎక్కుతూ ఎదురైనా ఆశ్చర్యం లేదు అంటాడు.

ఇక్కడ కాసేపు ఆగు. బురద, పొగ, మసి, ఒళ్లంతా బురదైన కుక్కలు, గుర్రాలు, ఇవన్నీ కలిసి చీకటి వాతావరణాన్ని తయారు చేస్తున్నాయి. ఆ చీకట్లోకి మెగలోసారస్ ఎందుకు వచ్చింది? ఆ పేరును శాస్త్రవేత్తలు పెట్టింది 1824లో. నవల నాటికి ఇంకా కొత్తగా వినిపించే మాట అది. సృష్టి ఆరంభాన్ని తలపించే గంభీరమైన వాక్యంలోకి అంత పెద్ద జంతువును ఈడ్చుకొచ్చి, పైగా "40 అడుగులో, అటూ ఇటుగానో" అని బజారు లెక్క చెబుతున్నాడంటే, చెప్పేవాడు ఏడవడం లేదని తెలిసిపోతుంది. పళ్లు బిగపట్టి నవ్వుతున్నాడు.

చివరి వాక్యంలో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. పాదచారులు చిరాకుతో గొడుగులు ఒకరికొకరు తగిలించుకుంటూ, వీధి మలుపుల్లో జారుతూ, పొరల మీద పొరలుగా ఉన్న బురదకు కొత్త డిపాజిట్లు చేరుస్తుంటే, ఆ బురద చక్రవడ్డీతో పెరుగుతోందట. 60కి పైగా మాటలున్న ఆ వాక్యం చిట్టచివర 'చక్రవడ్డీ' దగ్గర ఆగుతుంది. మధ్యలో, తెల్లవారినప్పటి నుంచి జనం జారుతున్నారని చెబుతూ, కుండలీకరణాల్లో "అసలు తెల్లవారి ఉంటే" అని సణుగుతాడు. బురద గురించి మాట్లాడుతూ బ్యాంకు మాటలు వాడేవాడికి మనసులో ఉన్నది బురద కాదని తెలుస్తూనే ఉంది. కోర్టు ఖర్చులే ఆస్తినంతా మింగేసి దావా ముగిసిపోయే ఈ కథకు విత్తనం ఆ వడ్డీ మాటలో ఉంది. నాకు ఈ పేరాలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఒక పరీక్ష చేసి చూడు. మెగలోసారస్‌నూ, చక్రవడ్డీనీ, కుండలీకరణాల సణుగుడునూ కొట్టేసి మళ్లీ చదువు. లండన్ అంతే దిగులుగా, అంతే మురికిగా ఉంటుంది. వాతావరణానికి పెద్దగా నష్టం లేదు, గొంతు మాత్రం పోయింది. ఏ మాటలు తీసేస్తే గొంతు పోతుందో ఆ మాటల్లోనే టోన్ ఉందన్నమాట. ఏ నవలనైనా ఇలా పరీక్షించవచ్చు.

వాక్యాల పొడవు సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. చిన్న వాక్యాలుంటే ఉద్వేగం, పెద్ద వాక్యాలుంటే ప్రశాంతత అని పాఠాల్లో చెబుతారు, నమ్మకు. చిన్న వాక్యం భయమూ కావచ్చు, నిర్లక్ష్యమూ కావచ్చు, హాస్యమూ కావచ్చు. పక్కన ఏముందో చూడాలి. మసి రేకులు మంచు రేకులంత పెద్దవై, సూర్యుడు చనిపోయినందుకు మైల పట్టినట్టున్నాయని 30కి పైగా మాటల్లో చెప్పి, వెంటనే 4 మాటల్లో కుక్కల సంగతి తేల్చేస్తాడు డికెన్స్. బురదలో కుక్క ఏదో తెలియడం లేదు, అంతే. ఆ వెంటనే గుర్రాలు, వాటికీ పెద్ద మర్యాదేమీ దక్కలేదు. ఆ పొడుగు వాక్యం పక్కన ఉండటం వల్లే ఈ పొట్టి వాక్యం చేయి విదిలించినట్టుంది.

ఇంకొక గుట్టు. ఆ 8 వాక్యాల్లో, మెగలోసారస్ ఎదురైనా ఆశ్చర్యం లేదన్న ముక్కలో తప్ప, ఎక్కడా పూర్తయిన ప్రధాన క్రియ లేదు. అంతా కూర్చుంటూ, దిగుతూ, జారుతూ ఉండటమే. పని జరగని కోర్టుకు పని జరగని వ్యాకరణం తొడిగాడు. నువ్వు ఇది గమనించే "వాన. బురద. మూసిన మిల్లు. ఎదురుచూపులు. శూన్యం." అని రాశావనుకుంటాను. ఇంగ్లీషులో క్రియ లేకపోతే వాక్యం కుంటుతుంది, అందుకే అక్కడ ఆ లోటు చెవికి తగులుతుంది. మనకు "ఆయన మా మేనమామ" అంటే క్రియ లేకుండానే నిండు వాక్యం. కాబట్టి క్రియ తీసేసినంత మాత్రాన తెలుగు చెవి ఉలిక్కిపడదు. నీ అయిదు ముక్కలు సినిమా స్క్రిప్టులో సీను హెడ్డింగుల్లా ఉన్నాయి. 'శూన్యం' అయితే పాఠకుడు పడాల్సిన బాధను నువ్వే పడేసి రసీదు ఇచ్చినట్టుంది.

తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ ఆలస్యాన్ని వాడుకో. ఇలా:

"గేటు ముందు జనం గొడుగులు ముడిచి, మళ్లీ తెరిచి, వాచ్‌మన్ ఇటు తిరిగినప్పుడల్లా మెడలు సాచి, అతను దోమను తోలుకోవడానికే తిరిగాడని తెలిశాక ఎవరి చెప్పుల వంక వాళ్లు చూసుకుని, యాజమాన్యం వారి సానుభూతి నోటీసును అయిదోసారి కూడబలుక్కుని చదివి, నిలబడ్డారు. వాన కూడా."

అన్ని పనులు చేస్తూ వచ్చిన వాక్యం చివరికి 'నిలబడ్డారు' దగ్గర ఆగింది. అంత హడావుడికీ ఫలితం నిలబడటమే. "యాజమాన్యం వారి సానుభూతి నోటీసు" అన్న ఆఫీసు మర్యాదలో కథకుడి వెటకారం ఉంది. నవల అంతా ఈ గొంతు మోయగలవా అన్నది నువ్వు తేల్చుకోవాలి. వెటకారం వద్దనుకుంటే 'వారి', 'సానుభూతి' తీసేసి 'నోటీసు' మాత్రం ఉంచు. అప్పుడు గొంతు చల్లబడుతుంది, వాన మాత్రం అలాగే ఉంటుంది.

డికెన్స్ కూడా ఒకే గొంతుతో నవలంతా నడపలేదు. మూడో అధ్యాయంలో ఎస్తర్ అనే అమ్మాయి కథ అందుకుని, తనకు తెలివి లేదు కనుక రాయడం మొదలుపెట్టడం కష్టంగా ఉందంటుంది. ఆమె మొదటి పేరాను ఈ బురద పేరా పక్కన పెట్టుకుని చదువు, మాటల్లో ఏమేమి మారాయో గీతలు గీసి నాకు పంపు. నీ రెండో పేరా కూడా జత చెయ్యి.

శుభాకాంక్షలతో.