హ తర్వాత ఏ అక్షరం?

సందేహం: సీజర్ పద్ధతిలో అక్షరాలను మూడు స్థానాలు ముందుకు జరిపే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఇంగ్లీషుకు బాగా పనిచేసింది. తెలుగు వాక్యం ఇస్తే మధ్యమధ్యలో డబ్బాలు, చుక్కల సున్నాలు వస్తున్నాయి. కామా, ఆశ్చర్యార్థకం లాంటివి కదలకూడదు. అయితే గుణింతం గుర్తులు, పొల్లు కూడా వాటిలాగే కదలకూడదా? హ దాటాక ‘క’కు రావాలా, ‘అ’కు రావాలా? క్ష అక్షరమేనా? ఇలా రాసినదాన్ని గూఢలిపి అనవచ్చా?

సమాధానం: మీ ప్రోగ్రామ్‌లో లెక్క తప్పు ఉండకపోవచ్చు. చిక్కంతా ‘అక్షరం’ అన్న మాటలో ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకు ఒకటే అర్థం కాబట్టి అక్కడ మీకు ఇబ్బంది రాలేదు. తెలుగులో మనం ఆ మాటను కనీసం మూడు రకాలుగా వాడుతున్నాం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు అంటాం. అక్కడ ‘క్ష్మీ’ ఎంత బరువుగా కనిపించినా ఒక్కటే అక్షరం. వాచకంలో అక్షరమాల అన్నప్పుడు క, ఖ, గ లాంటి రూపాలు మన మనసులో ఉంటాయి. వ్యాకరణంలోకి వస్తే ‘క’ కూడా ఒకటి కాదు, క్ అనే హల్లూ అ అనే అచ్చూ కలిసినది. విడివిడిగా వాటిని వర్ణాలు అంటాం. కంప్యూటర్‌కు ఈ మూడూ తెలియవు. దానికి తెలిసింది నాలుగోది, కోడ్ సంఖ్య. ‘కి’ అని మీరు ఒక అక్షరం చూస్తున్న చోట అది ‘క’, ‘ి’ అని రెండింటిని చూస్తుంది.

డబ్బాలు ఎక్కడివో ముందు చూద్దాం. మీరు కోడ్ సంఖ్యకు నేరుగా 3 కలుపుతున్నారని నా అనుమానం. ‘ద’ ఒక్కటే ఇచ్చి చూడండి, డబ్బా వస్తే అనుమానం నిజమైనట్టే. యూనికోడ్‌లో ద స్థానం `U+0C26`. దానికి 3 కలిపితే `U+0C29`. ఆ గది ఖాళీ. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరుసలో గదులు కేటాయించినప్పుడు, దేవనాగరిలో ఆ స్థానంలో న కింద చుక్క పెట్టిన రూపం ఒకటి ఉంది. మనకు అలాంటిది లేదు కాబట్టి న, ప ల మధ్య గది ఖాళీగా మిగిలింది. ఌ తర్వాతా, ఐ తర్వాతా ఇలాగే ఖాళీలున్నాయి. ఇంకో విడ్డూరం: ‘ఒ’కు 3 కలిపితే ‘క’ వస్తుంది. అంటే అచ్చు కాస్తా హల్లయిపోయింది. ‘కొ’లోని ఒత్వానికి, అంటే ‘ొ’ గుర్తుకు, 3 కలిపితే పొల్లు వస్తుంది. అంటే తర్వాతి హల్లు ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. ఇది డబ్బా కన్నా ప్రమాదం, ఎందుకంటే తప్పు కనబడదు.

కాబట్టి కోడ్ సంఖ్యలను నమ్ముకోకుండా వర్ణమాల వరుసను మనమే రాసి ఇవ్వాలి. ఇక మీ అసలు ప్రశ్న: హ తర్వాత క నా, అ నా?

అచ్చులూ హల్లులూ ఒకే వరుసలో పెట్టి, చివరి హల్లు నుంచి ‘అ’కు తిరిగేలా రాశారనుకోండి. విడిగా ఉన్న హల్లుకు ఫరవాలేదు. గుడి ఉన్న హల్లు చివరి నుంచి తిరిగి ‘అ’ అయితే, ఆ గుడి ‘అ’ మీద కూర్చోవాలి. తెలుగులో అచ్చుకు గుణింతం లేదు. కూర్చునే చోటు లేని గుడిని తెర మీద చుక్కల సున్నాకు తగిలించి చూపిస్తారు. మీరు చూసిన చుక్కల సున్నాలూ ఇలా చోటు దొరకని గుర్తులవే. అందుకని అచ్చులకు ఒక చక్రం, హల్లులకు ఒక చక్రం వేరువేరుగా ఉండాలి. హల్లు తిరిగి హల్లుకే రావాలి. మన వ్యాకరణం ఎప్పుడో చేసిన విభజన ఇది, ఇక్కడ అచ్చంగా పనికొచ్చింది.

హల్లుల చక్రంలో హ తర్వాత వెంటనే క రాదు. బడిలో మనం హ తర్వాత ళ, క్ష, ఱ చదివాం. వీటిలో క్షను చక్రంలో పెట్టకండి. అది సంయుక్తాక్షరం, క కింద ష ఒత్తు. పలకలో దానికి చోటిచ్చారు గాని వర్ణాల లెక్కలో అది విడి వర్ణం కాదు. కంప్యూటర్ కూడా ఈ విషయంలో వ్యాకరణం పక్షమే: క్షను క, పొల్లు, ష అని మూడుగా దాచుకుంటుంది. మూడు జరిపితే క ఘ అవుతుంది, ష ళ అవుతుంది, పొల్లు అలాగే ఉంటుంది, ‘ఘ్ళ’ వస్తుంది. వెనక్కి జరిపితే మళ్లీ క్ష వస్తుంది. ఒత్తుల గురించి వేరే ఏర్పాటు అక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తోంది.

అలా హల్లులు 35. అచ్చుల్లో ఇప్పుడు రాతలో కనబడేవి 13 తీసుకున్నాను. ౠ, ఌ కావాలంటే చేర్చుకోండి, కాకపోతే చదివేవారి దగ్గరా అదే వరుస ఉండాలి.

```python
HALLULU = "కఖగఘఙచఛజఝఞటఠడఢణతథదధనపఫబభమయరలవశషసహళఱ"
ACHCHULU = "అఆఇఈఉఊఋఎఏఐఒఓఔ"

def jarupu(text, k):
    out = ""
    for ch in text:
        for ring in (ACHCHULU, HALLULU):
            if ch in ring:
                ch = ring[(ring.index(ch) + k) % len(ring)]
                break
        out += ch
    return out
```

‘మన ఊహ, నిజం!’ అని ఇచ్చి 3 జరిపితే ‘లబ ఏక, బిటం!’ వస్తుంది. మ తర్వాత య, ర, ల కాబట్టి మ స్థానంలో ల. హ తర్వాత ళ, ఱ, ఆ తర్వాత చక్రం తిరిగి క. ఊ తన అచ్చుల చక్రంలోనే ఋ, ఎ దాటి ఏ అయింది. కామా, ఖాళీ, ఆశ్చర్యార్థకం, గుడి, సున్న ఉన్నచోటే ఉన్నాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. విరామచిహ్నాల జాబితా ఏదీ నేను రాయలేదు. ‘ఇది విరామచిహ్నమా?’ అని అడిగితే జాబితాకు అంతుండదు. రేపు ఎవరో పద్యం చివర రెండు నిలువు గీతలు పెడతారు. ‘ఇది నా చక్రంలో ఉందా?’ అని అడగాలి. లేనిదేదైనా దాని మానాన అది దాటిపోతుంది. ‘ఆఫీస్‌లో’ లాంటి మాటల్లో పొల్లు పక్కన కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, అదీ క్షేమంగా దాటుతుంది. పైథాన్‌లో `isalpha()` తో పరీక్షించడం కూడా వద్దు. అది ‘క’ను అక్షరమంటుంది, గుడిని కాదంటుంది, పక్కన ఇంగ్లీషు మాట ఉంటే దాన్నీ అక్షరమంటుంది. మీ చక్రంలో లేని ఆ ఇంగ్లీషు అక్షరం దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

పొల్లు సంగతి మీరు అడగడానికి కారణం బహుశా దాని పేరే. యూనికోడ్‌లో పొల్లును ‘విరామ’ అన్నారు. అది సంస్కృతంలో అచ్చు ఆగిపోవడాన్ని చెప్పే మాట; వాక్యంలో ఆగడాన్ని చెప్పే మన విరామచిహ్నానికీ దానికీ సంబంధం లేదు. పొల్లు, గుణింతం గుర్తులు మాటలో భాగాలే. వాటిని కదపకపోవడం మన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు, అవి విరామచిహ్నాలని కాదు.

ఆ సౌకర్యం ఎందుకంటే, గుణింతాన్ని కూడా తిప్పాలంటే తలకట్టు అడ్డమొస్తుంది. చేత్తో రాసేటప్పుడు ‘క’ మీద తలకట్టు మన కంటికి కనబడే గుర్తే. దీర్ఘమో గుడో పెట్టాలంటే దాన్ని తీసేస్తాం. కంప్యూటర్‌లో తలకట్టుకు కోడ్ లేదు. ఏ గుర్తూ లేకపోవడమే తలకట్టు. గుణింతాన్ని ఒక స్థానం తిప్పితే ‘కౌ’లోని గుర్తు చక్రం తిరిగి తలకట్టు కావాలి, అంటే మాయమవాలి. ‘క’కు లేని దీర్ఘం కొత్తగా పుట్టాలి. కానీ ఆ ‘క’ వెనక పొల్లు ఉంటే పుట్టకూడదు. ఒక్కో గుర్తును విడిగా చూసే పై ప్రోగ్రామ్‌కు ఇది చేతకాదు, ప్రతి హల్లు దగ్గరా తర్వాతి గుర్తును తొంగి చూడాలి. చేసి తీరాలనుకుంటే చేయండి. చేయకపోతే రహస్యం కొంత బయటపడుతుంది: మాటల చివర ‘షు’ పదేపదే కనబడితే, అది బహువచనపు ‘లు’ అని తెలుగు వచ్చినవాడు ఇట్టే పట్టేస్తాడు. ల నుంచి ష మూడో స్థానం. తాళం దొరికినట్టే.

వరుస మీద ఒప్పందం లేకపోతే ఏమవుతుందో కూడా చూడండి. అవతలివారు యూనికోడ్ వరుస వాడారనుకుందాం. అందులో ఱ అనేది ర పక్కన, ళ అనేది ల పక్కన ఉంటాయి, హ చివరన ఉంటుంది. వారు ‘లబ ఏక, బిటం!’ను మూడు వెనక్కి జరిపితే ‘యన ఊష, నిజం!’ వస్తుంది. సగం సరిగ్గా, సగం తప్పుగా. తొలి వర్గాలన్నీ రెండు వరుసల్లోనూ ఒకటే కావడం వల్ల ‘నిజం’ బతికిపోయింది. ఇలా కొన్ని మాటలే చెడితే ప్రోగ్రామ్‌ను కాక, వరుసను అనుమానించండి.

వెనక్కి జరిపేటప్పుడు `-3` ఇస్తే పైథాన్‌లో పని అయిపోతుంది. క స్థానం 0, అందులోంచి 3 తీసేస్తే -3, పైథాన్‌లో దాన్ని 35తో భాగిస్తే శేషం 32, అంటే హ. సి, జావా, జావాస్క్రిప్ట్‌లలో శేషం -3గానే వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో హ రావలసిన చోట `undefined` అన్న మాట వచ్చి పడుతుంది. అక్కడ ఇలా రాయాలి; `i` వర్ణం స్థానం, `n` చక్రం పొడవు:

```
((i + k) % n + n) % n
```

రెండు చక్రాలకు పొడవు వేరు కావడం వల్ల ఇంకో తిరకాసు ఉంది. 13 జరిపితే అచ్చులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోతాయి. 35 జరిపితే హల్లులు కదలవు. ఇది తప్పు కాదు, చక్రం సరిగ్గా తిరుగుతోందనడానికి గుర్తు. పరీక్షగానూ వాడుకోవచ్చు: 455 జరిపితే ఏ వాక్యమైనా ఉన్నదున్నట్టు రావాలి, 13 రెట్లు 35 అంతే కదా.

చివరి నుంచి మొదటికి తిరగడం మనకు సహజంగా తోచినా, మొదటి నుంచీ అందరూ అలా చేయలేదు. జూలియస్ సీజర్ మూడు స్థానాలు జరిపేవాడని చెప్పిన రోమన్ రచయిత సుటోనియస్, రోమన్ చక్రవర్తి అగస్టస్ సంగతి కూడా రాశాడు. అగస్టస్ ఒక్క స్థానమే జరిపేవాడట. అప్పటి వర్ణమాలలో చివరిదైన `X` వచ్చినప్పుడు మాత్రం `A`కు తిరక్కుండా `AA` అని రాసేవాడట. చక్రం బదులు గోడ అన్నమాట.

ఇక పేరు. గూఢలిపి అన్న మాట వాడుకలో స్థిరపడింది, తప్పని నేను అనను. కాకపోతే ఇక్కడ లిపి ఏమీ మారలేదు, ‘లబ ఏక’ కూడా తెలుగు లిపిలోనే ఉంది. మారింది వర్ణాల స్థానం. కొత్త గుర్తులు కల్పించి రాసినదాన్ని గూఢలిపి అని, మీరు చేసినదాన్ని ‘జరుపు రాత’ అని అంటే తేడా తెలుస్తుంది. ప్రోగ్రామ్‌లో ఆ పని చేసే భాగానికి నేను `jarupu` అని పేరు పెట్టింది అందుకే.