బాకీ తీరిందన్నారు సరే, ఈసీలో ఆ లైను ఏది?

ప్రశ్న: మాది మదనపల్లె, మస్కట్‌లో ఉద్యోగం. బెంగళూరు కేఆర్ పురంలో ఒక పాత టూ బీహెచ్‌కే ఫ్లాట్ 85 లక్షలకు మాట్లాడుకున్నాం, 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాను. ఓనర్ బెంగళూరులోనే ఉంటారు. ఈసీ, సేల్ డీడ్ డ్రాఫ్టు ఇంగ్లీషులో పంపారు. ఎగ్జిక్యూటెంట్, క్లెయిమెంట్, ఇండెమ్నిఫై, షెడ్యూల్ బి... ఒక్కటీ అర్థం కావడం లేదు. బ్యాంకు లోన్ ఈ మార్చిలోనే కట్టేశానని ఆయన అంటున్నారు. నా తరఫున మా తమ్ముడు సంతకం పెడతాడు. మిగతా డబ్బు పంపేయవచ్చా?

జవాబు: ఇప్పుడే పంపకండి. మీరు పంపిన కాగితాలు చదివాను. ఈసీలో ఉండాల్సిన ఒక లైను లేదు, డ్రాఫ్టులో ఒక అంకె తప్పు పడింది. రెండూ సరిచేసుకోగలిగినవే, కానీ డబ్బు మీ చేతిలో ఉన్నప్పుడే సరిచేయించుకోవాలి.

ముందు ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ సంగతి. ఎన్‌కంబ్రెన్స్ అంటే ఆస్తి మీద వేరొకరికి ఉన్న బాకీ లేదా హక్కు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ ఆస్తి మీద ఏయే దస్తావేజులు రిజిస్టర్ అయ్యాయో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తన పుస్తకాల్లోంచి తీసి ఇచ్చే పట్టికే ఈ సర్టిఫికెట్. కర్ణాటకలో ఏదైనా లావాదేవీ దొరికితే ఫారం 15 ఇస్తారు, ఏదీ దొరక్కపోతే ఫారం 16 ఇస్తారు. మీకు వచ్చింది ఫారం 15. అందులో ఎగ్జిక్యూటెంట్ అన్న గడిలో ఉన్నది దస్తావేజు రాసిచ్చినవారి పేరు, క్లెయిమెంట్ అన్న గడిలో ఉన్నది రాయించుకున్నవారి పేరు. ఈ రెండు గడులు చూడటం వస్తే ఈసీ సగం చదవడం వచ్చినట్టే.

మీ ఈసీలో రెండే లైన్లున్నాయి. మొదటిది 2014 నాటి సేల్ డీడ్. ఎగ్జిక్యూటెంట్ బిల్డర్, క్లెయిమెంట్ ఇప్పుడు మీకు అమ్ముతున్నాయన. అంటే బిల్డర్ దగ్గర ఆయన కొన్నారు, బాగానే ఉంది. రెండోది కూడా 2014దే, దాని పేరు డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నారని దానర్థం. ఇక్కడ ఎగ్జిక్యూటెంట్ ఆయన, క్లెయిమెంట్ బ్యాంకు.

అప్పు నిజంగా తీరిపోయి, ఆ సంగతి రిజిస్టర్ కూడా అయి ఉంటే మూడో లైను ఒకటి ఉండాలి. అందులో గడులు తారుమారవుతాయి. ఈసారి రాసిచ్చేది బ్యాంకు, రాయించుకునేది ఓనర్. దానికి రిలీజ్ అనో, డిస్చార్జ్ అనో, రీకన్వేయన్స్ అనో పేరుండవచ్చు. పేరు ఏదైనా బ్యాంకు పేరు ఎగ్జిక్యూటెంట్ గడిలోకి వచ్చిందా లేదా అన్నదే మీరు చూడాల్సింది. మీ ఈసీలో ఆ లైను లేదు.

ఓనర్ అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. లోన్ కట్టేసి, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్ తెచ్చుకుని, తాకట్టు రద్దు రిజిస్టర్ చేయించాలన్న ఊసే మరిచిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. అయినా పుస్తకంలో ఆ తాకట్టు ఉన్నంతకాలం రేపు మీరు లోన్‌కి వెళ్లినా, అమ్మబోయినా ఈ రెండో లైనే అడ్డం వస్తుంది. కాబట్టి ఆయన్ని మూడు అడగండి: బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ లెటర్, లోన్ ఖాతా క్లోజ్ అయినట్టు స్టేట్‌మెంట్, బ్యాంకు నుంచి తిరిగి తెచ్చుకున్న ఒరిజినల్ 2014 సేల్ డీడ్. ఆ తర్వాత బ్యాంకుతో రద్దు పత్రం రిజిస్టర్ చేయించమనండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2023 డిసెంబర్ 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ కాగితాలు తిరిగిచ్చి, రిజిస్టర్ చేసిన తాకట్టును తీయించాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. మార్చిలో కట్టేసిన మాట నిజమైతే ఈ నిబంధన ఆయనకు వర్తిస్తుంది. బ్యాంకు తిప్పుతోందని ఆయన అంటే ఈ సంగతి చెప్పండి.

ఒకవేళ లోన్ ఇంకా మిగిలే ఉందని తేలినా బేరం చెడినట్టు కాదు. ఎంత కడితే ఖాతా మూతపడుతుందో బ్యాంకు ఫోర్‌క్లోజర్ లెటర్‌లో రాసిస్తుంది. అందులో 22 లక్షలు అని ఉందనుకోండి. ఆ 22 లక్షలు ఓనర్ చేతికి కాకుండా నేరుగా ఆ లోన్ ఖాతాకే వెళ్లేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. మిగతాది ఓనర్‌కు రిజిస్ట్రేషన్ రోజున.

ఇక నన్ను ఎక్కువగా కంగారు పెట్టే విషయం వేరే ఉంది. ఈసీ కోసం దరఖాస్తు చేసినవారు ఆస్తిని ఏ వివరాలతో అడిగారో ఆ వివరాలతోనే వెతుకుతారు. అదే ఆస్తిని వేరే దస్తావేజులో ఇంకో రకంగా వర్ణించి ఉంటే అది ఈ పట్టికలోకి రాదు. సర్టిఫికెట్ కింద నోట్‌లో ఇంగ్లీషులో రాసి ఉండేది ఇదే. చాలామంది దాన్ని చదవరు. మీకు ఇచ్చిన ఈసీ ఫ్లాట్ నంబరుతో, 2014 నుంచి తీసింది. అంతకుముందు ఆ ఫ్లాటే లేదు కదా, అప్పుడున్నది సర్వే నంబరుతో స్థలం. ఆ స్థలం మీద బిల్డర్ ప్రాజెక్టు లోన్ తీసుకుని ఉంటే, భూయజమానుల మధ్య భాగపంపకాలు జరిగి ఉంటే, అవి సర్వే నంబరు కిందే ఉంటాయి. కాబట్టి సర్వే నంబరుతో, స్థలం మొత్తానికి ఇంకో ఈసీ తీయించండి. దీన్ని కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో మీ తమ్ముడే తీయగలడు. 2004కు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. లాయర్లు మామూలుగా 30 ఏళ్ల వరకు వెనక్కి చూస్తారు. స్థలం మీద బిల్డర్ తాకట్టు కనిపిస్తే, దాని నుంచి మీ ఫ్లాటును విడిపించినట్టు ఆ బ్యాంకు ఇచ్చిన కాగితం అడగండి.

రిజిస్టర్ కానిదేదీ ఈసీలో కనబడదు. మామూలు కాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్లు, రిజిస్టర్ చేయకుండా దస్తావేజులు అప్పగించి తీసుకున్న అప్పులు అందులోకి రావు. బ్యాంకుల తాకట్టుల వివరాలు సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వెతకవచ్చు, ఫీజు నామమాత్రం. దానితోపాటు మీ తమ్ముడు ఒరిజినల్ సేల్ డీడ్ కళ్లారా చూడాలి. జిరాక్స్ మాత్రమే చూపిస్తుంటే ఒరిజినల్ ఇంకెక్కడో ఉన్నట్టే లెక్క.

సేల్ డీడ్‌కి వద్దాం. అందులో వెండర్ అంటే అమ్మేవారు, పర్చేజర్ మీరు. మీ డ్రాఫ్టు నాలుగో పేజీలో ఆస్తి ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఎన్‌కంబ్రెన్సెస్ అని ఉంది, అంటే ఏ బాకీలూ లేనిదని ఓనర్ మాట ఇస్తున్నారు. ఆ మాట వెనక సేవ్ అండ్ ఎక్సెప్ట్ అని ఉందేమో చూడమంటాను ఎవరికైనా. ఫలానాది తప్ప అని దాని అర్థం, ఆ తర్వాత వచ్చేది మీ నెత్తిన పడుతుంది. మీ డ్రాఫ్టులో అది లేదు, మంచిదే. తర్వాతి క్లాజులో ఇండెమ్నిఫై అన్నది, ఏదైనా బాకీ బయటపడి మీకు నష్టం వస్తే ఓనర్ భరిస్తారన్న హామీ. అది ఉండాలి, కానీ దాని మీద ఆధారపడకండి. ఆయన ఇవ్వనంటే మస్కట్ నుంచి మీరు కోర్టు చుట్టూ తిరగాలి. ఈసీలో రావాల్సిన లైనుకు ఈ హామీ బదులు కాదు.

రిసీట్ వేరాఫ్ అంటూ మొదలయ్యే వాక్యం డబ్బు మొత్తం ముట్టిందని ఓనర్ ఒప్పుకోవడం. అది మీకు అనుకూలమే, కాకపోతే ఏ తేదీన, ఏ బ్యాంకు నుంచి, ఏ యూటీఆర్ నంబరుతో ఎంత వెళ్లిందో అక్కడే రాయించండి. ధర 50 లక్షలు దాటింది, ఓనర్ ఇక్కడి నివాసి, కాబట్టి ఒక శాతం టీడీఎస్ మీరు మినహాయించి కట్టాలి. ప్రభుత్వ విలువ 85 లక్షలు మించకపోతే అది 85,000 రూపాయలు. అడ్వాన్సులో ఏమీ మినహాయించలేదు కనుక మొత్తం ఇప్పుడే తీస్తే ఓనర్‌కు ఇంకా చేరాల్సింది 79,15,000. డీడ్‌లో టీడీఎస్‌ను కూడా ధరలో భాగంగా చూపించాలి. ఈ డబ్బు మీ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి గానీ, బ్యాంకు ద్వారా వచ్చిన రెమిటెన్స్ నుంచి గానీ వెళ్లాలి.

చివరి పేజీల్లో షెడ్యూళ్లున్నాయి. షెడ్యూల్ ఎ మొత్తం స్థలం, షెడ్యూల్ బి అందులో మీకొచ్చే విడదీయని వాటా, షెడ్యూల్ సి ఫ్లాటు. అంకె తప్పు పడింది బి లోనే. స్థలం 40,000 చదరపు అడుగులు, అన్ని ఫ్లాట్ల సూపర్ బిల్టప్ ఏరియా కలిపి 1,00,000, మీ ఫ్లాటు 1,200. ఆ నిష్పత్తిలో మీ వాటా 480 చదరపు అడుగులు రావాలి. ఓనర్ 2014 డీడ్‌లో 480 అనే ఉంది. మీ డ్రాఫ్టులో 408 అని పడింది. టైపు చేసినవారు అంకెలు అటూ ఇటూ వేసి ఉంటారు. కానీ రిజిస్టరైతే మీకు 72 చదరపు అడుగుల స్థలం తక్కువ రాసిచ్చినట్టవుతుంది. తర్వాత దిద్దుకోవాలంటే రెక్టిఫికేషన్ డీడ్ రాయాలి, దానికి ఓనర్ మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు చేతికందాక ఆయన ఎక్కడుంటారో, వస్తారో రారో. అందుకే మీ తమ్ముడిని పాత డీడ్ పక్కన పెట్టుకుని మూడు షెడ్యూళ్లూ, హద్దులూ అక్షరం అక్షరం పోల్చమనండి.

తమ్ముడికిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ ఈ ఒక్క ఫ్లాటుకే పరిమితమైన స్పెషల్ పవర్ అయి ఉండాలి, సరిచేసిన షెడ్యూలే అందులోనూ ఉండాలి. మస్కట్‌లోని భారత ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపండి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి.

రద్దు రిజిస్టర్ అయ్యాక ఫ్లాటు ఈసీ మళ్లీ తీయించండి. మూడో లైను కనిపించి, సర్వే నంబరు ఈసీ చూసి లాయర్ సరేనన్నాక రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి. అంతకు ఒకటి రెండు రోజుల ముందు ఈసీ ఇంకోసారి చూడండి, మధ్యలో కొత్త లైనేదీ రాలేదని తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ అయిన కొన్నాళ్లకు చివరిసారి తీసి, క్లెయిమెంట్ గడిలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో సరిచూసుకోండి.