ఆఫర్ లెటర్‌లో పేరు తప్పు పడితే పీడీఎఫ్ మీద చెయ్యి పెట్టకండి

"ఆఫర్ లెటర్‌లో నా పేరు Shravanti Koli అని పడింది. పదో తరగతి మెమోలో, పాన్‌లో, ఆధార్‌లో KOLLI SRAVANTHI అని ఉంది. హెచ్ఆర్‌ను విసిగించడం ఎందుకు, ఏదైనా ఆన్‌లైన్ పీడీఎఫ్ ఎడిటర్‌లో నేనే దిద్దుకోవచ్చా?"
– ఒక పాఠకురాలు, గుంటూరు

వద్దమ్మా. ఇదే ప్రశ్న ఎన్నోసారో లెక్క మర్చిపోయాను. లెటర్ మీద డిజిటల్ సంతకం ఉంటే ఒక్క అక్షరం మార్చినా, సంతకం చేశాక ఫైలు మారిందని పీడీఎఫ్ రీడరే చెప్పేస్తుంది. సంతకం లేకపోయినా అసలు కాపీ కంపెనీ దగ్గరుంది. రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రెండూ పక్కపక్కన పెడితే మీది అక్షరదోషం అనరు, ఫోర్జరీ అంటారు.

నన్ను ఇంకా భయపెట్టేది ఆ ఉచిత ఎడిటర్లు. మీ జీతం, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, చేరే తేదీ, హెచ్ఆర్ సంతకం, కంపెనీ లెటర్‌హెడ్ అన్నీ ఊరూపేరూ లేని సర్వర్‌కు మీ చేత్తోనే పంపుతున్నారు. దొంగ ఆఫర్ లెటర్ తయారు చేసేవాడికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. మీ వివరాలన్నీ చదివి వినిపిస్తూ "పేరు సరిచేస్తాం, ఫీజు పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మరా మీరు? లెటర్ దిద్దడానికి హెచ్ఆర్ డబ్బూ అడగదు, ఓటీపీ కూడా అడగదు.

పోర్టల్‌లో యాక్సెప్ట్ నొక్కకముందే, ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. పంపినవారి అడ్రసులో @ తర్వాత ఉన్నది కంపెనీ డొమైనేనా, ఒక్కో అక్షరం చూసుకోండి. లెటర్‌లో ఎలా పడింది, ఎలా ఉండాలి అన్నది రెండు లైన్లలో రాసి, పదో తరగతి మెమో, పాన్ కాపీ జతచేయండి. ఆధార్ కావాలంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీని UIDAI సైట్ నుంచి దించుకుని పంపండి. హోదాలోనో తేదీలోనో తేడా ఉంటే అదీ ఈ మెయిల్‌లోనే అడగండి. ఇంటర్వ్యూ తర్వాత వాళ్లు ఒప్పుకున్న మెయిల్ ఉంటే జతచేయండి. కొత్త లెటర్‌లో, ఇది ఫలానా తేదీ లెటర్ స్థానంలో ఇస్తున్నదని ఒక వాక్యం ఉండాలి. లేకపోతే మీ పేరు మీద రెండు లెటర్లు తిరుగుతుంటాయి.

అసలు తప్పు ఎక్కడ మొదలైందో చెప్పనా? ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు పెట్టే ఫారాల దగ్గర. ఇంటిపేరు ముందుండే జనం కోట్లలో ఉన్న దేశంలో, మెమోలో ఉన్నట్టు పేరు రాసుకోవడానికి ఒకే ఒక్క గడి పెట్టడానికి వీళ్లకేం రోగం? అందుకే లెటర్ మారితే పని అయిపోయిందనుకోకండి. పోర్టల్‌లో మీ ప్రొఫైల్ కూడా మార్పించి, స్క్రీన్‌షాట్ అడగండి. జీతం స్లిప్పుకైనా, పీఎఫ్‌కైనా పేరు వెళ్లేది ఆ రికార్డు నుంచే, పీడీఎఫ్ నుంచి కాదు. పీఎఫ్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే, దాన్ని దిద్దించడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు పెట్టుకుని, మళ్లీ ఇదే హెచ్ఆర్ చుట్టూ తిరగాల్సి రావచ్చు.