పక్క షాపుకి పని పంపితే కస్టమర్ పోతాడా?

"మాది చిన్న మెషిన్ షాపు. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు పక్క షాపు వాళ్ళకి ఇద్దామంటే కస్టమర్‌ని లాగేసుకుంటారని భయం. ఎవరైనా ఇచ్చి చూశారా?"

ఇవ్వండి. నాది విశాఖ ఆటోనగర్‌లో లేత్ షాపు. వెనక వీధిలో ఇదే పని చేసే షాపు ఇంకోటి ఉంది, మొదటి నాలుగేళ్ళు ఆ ఓనరు టీ కొట్టు దగ్గర కనిపిస్తే నేను టీ తాగకుండానే వచ్చేసేవాణ్ణి.

ఒక మే నెలలో 40 పంపు షాఫ్టుల ఆర్డరు చేతిలో ఉండగా పెద్ద లేత్ హెడ్‌స్టాక్ బేరింగ్ పోయింది. చిన్న లేత్ మీద 12 కంటే కావు. సిగ్గు చంపుకుని ఆయన దగ్గరికెళ్ళాను. 28 తీసుకుంటానన్నాడు, కానీ ఒక మాట పెట్టాడు: ముందు చెరొకటి చేసి మార్చుకుని కొలుద్దాం, తర్వాతే మిగతావి.

6207 బేరింగ్ కూర్చునే సీటు అది, 35.002 నుంచి 35.018 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఆయన షాఫ్టు రెండు చోట్లా సరిపోయింది. నాది నా దగ్గర 35.006, ఆయన దగ్గర 34.998! మీ మైక్రోమీటరే తప్పని గొడవపడ్డాను. వాళ్ళ పెద్ద మేస్త్రి మా షాపుకొచ్చి, అప్పుడే ఎమరీ పట్టి దించిన షాఫ్టు మీద చెయ్యేసి, "బాబూ, ఇంకా కాలుతోంది, ఇప్పుడు కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది" అన్నాడు. గంట ఆగి కొలిస్తే 34.998.

ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే 35 మిల్లీమీటర్ల సీటు దాదాపు 8 మైక్రాన్లు ఉబ్బుతుంది. మనకున్న వెసులుబాటే 16. చల్లారాక చూస్తే నా 12లో 5 తక్కువ సైజు. అవి అలాగే వెళ్ళుంటే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారి తిరుగుతూ సీటుని అరగదీసేది. ఆ 5 మళ్ళీ చేశాను, ఆయన సాయం లేకపోతే ఈ తప్పు కస్టమర్ దగ్గరే బయటపడేది.

లాగేసుకోవడం సంగతంటారా, నేను డ్రాయింగ్ మీద కస్టమర్ పేరు కొట్టేసి, మెటీరియల్ జాబ్ వర్క్ చలానా మీద పంపి, సరుకు నా షాపు నుంచే డెలివరీ ఇచ్చాను. అయినా ఆటోనగర్‌లో దాగేదేముంది, ఆ కస్టమర్ తర్వాత నేరుగా ఆయనకే ఫోన్ చేశాడు. "ఆ పని వాళ్ళదండీ, వాళ్ళనే అడగండి" అన్నాడట. నిజానికి నేను భయపడాల్సింది పోటీవాడికి కాదు, కస్టమర్లకే. చిన్న యూనిట్లకి 45 రోజులు దాటకుండా డబ్బులివ్వాలని 2006 నుంచీ చట్టం ఉంది, మా వాళ్ళు 120 రోజులకి కూడా ఫోనెత్తరు. ఎవరు ఎగ్గొడతారో ఇప్పుడు మేమిద్దరం ముందే చెప్పుకుంటాం, దానికి కమీషన్ అడిగే రకాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఆయన దగ్గర స్లాటింగ్ మెషిన్ లేదు. నిన్న 15 గేర్లు పంపాడు కీవే కోయమని, రేపు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.