రిమైండర్ మోగుతుంది, వ్యాయామం సాగదు

ప్రశ్న: గత ఎనిమిది నెలల్లో మూడు వ్యాయామ యాప్‌లు మార్చాను. ఉదయం ఆరున్నరకు రిమైండర్ పెట్టుకుంటే రెండు వారాలు చేస్తాను, తర్వాత చదవకుండానే పక్కకు తోసేస్తాను. కొత్త అప్‌డేట్ వచ్చాక రోజుకు ఐదారు నోటిఫికేషన్లు వస్తున్నాయి. మంచి యాప్ ఏదో చెబుతారా, లేక స్మార్ట్ వాచీ కొనుక్కోమంటారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఊరి పేరు, యాప్ పేరు మారుతుంటాయి గాని ఈ ఉత్తరం నాకు నెలకు నాలుగైదుసార్లు వస్తూనే ఉంటుంది. నాలుగో యాప్ పేరు చెప్పి ఊరుకోవడం నాకు తేలిక, కాని రెండు వారాల తర్వాత మీరు దాన్ని కూడా పక్కకు తోసేస్తారు. ఆరున్నర గంటలకు మీరు ఒకరోజు నిద్రలో ఉంటారు, ఒకరోజు పాల ప్యాకెట్ కోసం వీధి చివర ఉంటారు, ఇంకోరోజు పిల్లల టిఫిన్ డబ్బా మూత వెతుకుతుంటారు. మీరు ఎక్కడ ఉన్నారో, చేతిలో ఏముందో ఆ గంటకు తెలియదు. ఫోన్ మోగినప్పుడల్లా 'ఇప్పుడు లేవాలా, వద్దా' అని మీరు కొత్తగా నిర్ణయించుకోవలసి వస్తోంది. ఉత్సాహం ఉన్నన్నాళ్లు ఆ నిర్ణయం వ్యాయామం వైపు మొగ్గుతుంది, ఉత్సాహం రెండు వారాలే ఉంటుంది.

దీనిపై లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన స్టావార్జ్, కాక్స్, బ్లాండ్‌ఫర్డ్ అనే పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. రిమైండర్ల మీద ఆధారపడినవారు పనిని మానకుండా చేయగలిగారు గాని, అది అలవాటుగా స్థిరపడటానికి అవే రిమైండర్లు అడ్డు వచ్చాయని, అంతకుముందే రోజూ జరిగే ఒక పనిని గుర్తుగా పెట్టుకున్నవారిలో మాత్రం అది అప్రయత్నంగా జరగడం పెరిగిందని తేల్చారు. ఫోన్ గుర్తుచేస్తుందన్న భరోసా ఉంటే మనసు గుర్తుపెట్టుకునే పని మానేస్తుంది. పదేళ్ల కిందటే ఇది అచ్చులో ఉన్నా, యాప్‌ల తయారీదారులు ప్రతి అప్‌డేట్‌లోనూ నోటిఫికేషన్లు పెంచుకుంటూ పోతున్నారు. మీరు యాప్‌ను ఎన్నిసార్లు తెరిచారన్నది వారి లెక్కల్లో కనిపిస్తుంది, ఎన్ని గుంజీళ్లు తీశారన్నది కనిపించదు.

కాబట్టి గంటను వదిలి, మీ ఇంట్లో ఎవరూ చెప్పకుండానే రోజూ జరిగిపోయే ఒక పనిని పట్టుకోండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రవర్తనను అధ్యయనం చేసే బి.జె. ఫాగ్ ఇలాంటి పనిని లంగరు అంటారు. 'ఫలానా పని ముగియగానే ఫలానా వ్యాయామం చేస్తాను' అని ఒకే వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. మాటకు ఇది తేలికే. లంగరు వేసే చోటు ఎంచుకోవడంలోనే అందరూ పొరపడతారు, నేను కూడా రెండుసార్లు పొరపడ్డాను.

మొదటిసారి 'ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక' అని పెట్టుకున్నాను. ఇంటికి రావడమంటే ఒక క్షణంలో ముగిసే పని కాదని నాకు పది రోజులకు గాని తెలియలేదు. బండి నిలపడం, సంచి కింద పెట్టడం, కాళ్లు కడుక్కోవడం, టీ తాగడం, ఫోన్ చూడటం, ఇవన్నీ రావడంలోనే కలిసిపోతాయి, వాటి మధ్య వ్యాయామం ఎక్కడ మొదలుకావాలో తెలియక అది సోఫాలో ముగిసేది. దాన్ని 'చెప్పులు స్టాండులో పెట్టగానే' అని మార్చాక గందరగోళం పోయింది. చెప్పు చేతిలోంచి స్టాండులోకి వెళ్లిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది, చోటు కూడా రోజూ అదే కనుక, అక్కడే గోడ పట్టుకుని పదిహేనుసార్లు మడమలు ఎత్తి దించడం నాకు కుదిరింది.

రెండో పొరపాటు ఇంతకంటే తెలివైనది. ఉదయం గీజర్ స్విచ్ వేశాక నీళ్లు కాగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ సమయంలో ఎవరికీ ఏ పనీ ఉండదు. స్విచ్ వేయగానే కుర్చీ ముందు నిలబడి, దాని అంచును ఆనీ ఆననట్టుగా పది గుంజీళ్లు తీసి, గోడకు చేతులు ఆనించి ఎనిమిది పుషప్స్ చేసేవాణ్ణి, మొత్తం నాలుగు నిమిషాలు. డిసెంబరు నుంచి మార్చి వరకు ఒక్క రిమైండర్ లేకుండా సాగింది. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు మెట్లెక్కుతూ మోకాళ్లు బిగుసుకున్నట్టు అనిపించి వెనక్కి లెక్కపెట్టుకుంటే, తొమ్మిది రోజులుగా వ్యాయామమే చేయలేదు. బద్ధకం వల్ల కాదు, ఎండలు ముదిరాక ట్యాంకులో నీళ్లే వేడిగా వస్తుంటే గీజర్ స్విచ్ జోలికి వెళ్లనే లేదు! లంగరు ఊడింది, దానితో పాటు వ్యాయామం కొట్టుకుపోయింది. ఇప్పుడు అదే నాలుగు నిమిషాలను పళ్లు తోముకుని బ్రష్‌ను గ్లాసులో పెట్టిన క్షణానికి కట్టాను, దానికి ఎండాకాలం లేదు, కరెంటు కోత లేదు.

మీరు కూడా లంగరును ఇలా పరీక్షించి చూసుకోండి. ఆదివారం నాడు, పండగనాడు, ఊరెళ్లినప్పుడు ఆ పని జరుగుతుందా? మోటారు వేయడం మంచి గుర్తులా కనిపిస్తుంది గాని, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో సగం రోజులు అది ఉండదు. కుక్కర్ విజిల్‌కు ముడిపెట్టుకున్నామని ఇద్దరు పాఠకులు రాశారు, అది వద్దంటాను. పొయ్యి మీద చెవి, చూపు ఉండాల్సిన సమయంలో వ్యాయామం సగంలో ఆగుతుంది, లేకపోతే పప్పు అడుగంటుతుంది.

మొదట్లో వ్యాయామం మరీ తక్కువగా ఉందనిపించాలి. ఐదు గుంజీళ్లు, రెండు నిమిషాలు చాలు. జ్వరం వచ్చి తగ్గిన మర్నాడైనా చేయగలిగినంతే పెట్టుకుంటే లంగరు తెగదు. బ్రష్ గ్లాసులో పడగానే మీకు తెలియకుండా కుర్చీ దగ్గరికి నడిచేస్తున్నారంటే అది పట్టుకుందని గుర్తు, అప్పుడు లంగరును కదపకుండా నిమిషాలు పెంచండి, లేదా సాయంత్రం చెప్పుల స్టాండు దగ్గర రెండోది మొదలుపెట్టండి. ఇలాంటి ముక్కలు లెక్కలోకి వస్తాయా అని అడిగేవారికి ఒక మాట. వ్యాయామం ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల్లో తీసేసింది. అయితే పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అన్న లెక్క మాత్రం అందులో ఉంది, నా నాలుగు నిమిషాలు వారానికి 28 నిమిషాలే అవుతాయి కనుక మిగిలినది నడకతో పూరించుకోవలసిందే. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు గుంజీళ్లకు ముందు డాక్టరును అడగాలి.

ఎన్నాళ్లు పడుతుందన్నదానికి 21 రోజులని వాట్సాప్‌లో తిరిగే లెక్కను నమ్మకండి. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిని 12 వారాలు పరిశీలించి 2009లో ఇచ్చిన అంచనా ప్రకారం, ఒక పని అప్రయత్నంగా జరగడానికి పట్టే కాలం మనిషిని, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యస్థం 66 రోజులు. వ్యాయామానికి పట్టిన కాలం తినడం, తాగడం వంటి అలవాట్లకంటే ఎక్కువ. ఆ అధ్యయనంలోనే తేలిన ఇంకో సంగతి, ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగదని. మరి మీ యాప్ ఏం చేస్తుంది? నలభై ఒకటో రోజు చేయకపోతే నలభై రోజుల వరుసను సున్నా చేసి, ఏడుపు ముఖం బొమ్మ చూపిస్తుంది. సున్నా చూసిన మనిషి మర్నాడు మొదలుపెట్టడు, యాప్ తీసేస్తాడు. ఇంత తెలిసిన విషయానికి విరుద్ధంగా రూపొందించిన పరికరం ఇంకొకటి నా దృష్టికి రాలేదు. గోడ మీది తెలుగు క్యాలెండరులో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటే తప్పిన రోజు ఖాళీగా ఉంటుంది, మిగిలిన టిక్కులు అలాగే ఉంటాయి.

ఇక నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం. రోజూ అదే సమయానికి, అదే చోట, అదే క్రమంలో వ్యాయామం జరగడమే ఈ పద్ధతి బలం, దాన్ని యాప్‌లో నమోదు చేస్తే అదే మీ బలహీనత అవుతుంది. రాత్రి భోజనం కాగానే నడకకు వెళ్లే మనిషి దారిని నెల రోజులు నమోదు చేస్తే, ఆ ఇంటికి ఏ సమయంలో తాళం ఉంటుందో, పటం మీద ఆ దారి గీత ఏ గుమ్మం దగ్గర మొదలవుతుందో ఎవరైనా చదువుకోవచ్చు. ఒక వ్యాయామ యాప్ తన వినియోగదారుల పరుగులన్నిటినీ కలిపి ప్రచురించిన ప్రపంచపటంలో, ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాల ఆకారాలు వెలుగుతూ కనిపించాయని 2018 జనవరిలో బయటపడింది. సైనికులు చేసిందల్లా రోజూ ఒకే దారిలో పరుగెత్తడమే. ఒక్కొక్కరి పేరు లేని పటమే అంత చెప్పింది, మీ ఖాతాలో పేరు, ఫొటో కూడా ఉంటాయి.

అడుగులు లెక్కించడానికి లొకేషన్ అక్కర్లేదు, ఫోన్‌లోని కదలిక సెన్సర్ చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో `Permission manager` తెరిచి `Location` నొక్కితే ఏ యాప్‌కు ఎప్పుడూ అనుమతి ఉందో జాబితా కనిపిస్తుంది. అడుగుల యాప్‌కు `Physical activity` ఒక్కటి ఉంచి లొకేషన్ తీసేయండి, కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్ అడిగితే ఇవ్వకండి. నడక దారి పటం కావాలనే పట్టుదల ఉంటే, యాప్ సెట్టింగ్స్‌లో దాన్ని మీకు మాత్రమే కనిపించేలా మార్చండి. కొన్ని యాప్‌లలో మొదట అందరికీ కనిపించేలానే ఉంటుంది. 'నడిస్తే డబ్బులు' అంటూ గ్రూపుల్లో వచ్చే ఏపీకే ఫైళ్ల జోలికి వెళ్లనే వద్దు. వాటిలో `Accessibility` అనుమతి అడిగేవి తెర మీద ఉన్నదాన్ని చదివి, మీ తరఫున బటన్లు నొక్కగలవు, అంటే బ్యాంకు యాప్ తెరిచినప్పుడు కూడా చూస్తూ ఉండగలవు.

వాచీ సంగతికి వస్తే, నాడి వేగం చూసుకోవలసిన అవసరం డాక్టరు చెప్పి ఉంటే తప్ప ఇప్పుడే కొనకండి. బ్రష్ గ్లాసుకు కట్టిన నాలుగు నిమిషాలు మూడు నెలలు నిలిచాక, వాటిని కొలవాలనిపిస్తే అప్పుడు చూడండి. అప్పటికి చాలామందికి కొలవాలని అనిపించదు.

ఈలోపు మీరు వదిలేసిన మూడు యాప్‌ల సంగతి తేల్చండి. ఫోన్ నుంచి తీసేస్తే యాప్ మాత్రమే పోతుంది, మీ బరువు, నిద్ర, నడిచిన దారులు వారి సర్వర్లలో అలాగే ఉంటాయి. ఒక్కొక్కదాన్ని మళ్లీ ఎక్కించి, లాగిన్ అయి, ఖాతా సెట్టింగ్స్‌లో `Delete account` వెతికి నొక్కండి, నిర్ధారణ మెయిల్ వచ్చిన తర్వాతే యాప్ తీసేయండి. తొలగించే బటన్ ఎక్కడా కనిపించకపోతే, ప్లే స్టోరులో ఆ యాప్ పేజీలో డెవలపర్ ఈమెయిల్ చిరునామా ఉంటుంది, దానికి రాయండి.