ఎర్ర రాయికి 1.76 వస్తే కెంపేనా?

ప్రశ్న: కర్నూలులో జెమాలజీ చదువుతున్నాను. ఒక ఎర్ర రాయికి రిఫ్రాక్టోమీటర్‌లో 1.76 వచ్చింది. కెంపా, గార్నెటా?

ఆ ఒక్క అంకెతో తేలదు, కొన్ని ఎర్ర గార్నెట్లకీ 1.76 వస్తుంది. ముందు రాయిని పలకమీదే కొంచెం కొంచెంగా తిప్పండి, ప్రతిచోటా పోలరాయిడ్ ఫిల్టర్‌ని కూడా తిప్పండి. కెంపైతే గీత 1.762, 1.770 మధ్య జరుగుతుంది. ఆ తేడా స్కేలు మీద ఒక గడి కూడా ఉండదు, అందుకే చాలామంది ఒకే గీత అనుకుంటారు. గార్నెట్‌కి గీత కదలదు.

తర్వాత విశిష్ట సాంద్రత. గాలిలో 2.40 క్యారెట్లు, నీళ్లలో 1.80 తూగితే తగ్గింది 0.60, 2.40ని 0.60తో భాగిస్తే 4.00, అంటే కెంపు విలువ. రాయికి చిన్న గాలి బుడగ అంటుకుని నీళ్లలో 1.79 చూపిందా, లెక్క 3.93కి పడిపోయి గార్నెట్ అనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క డిటర్జెంట్ వేసి, బుడగల్ని కుంచెతో తుడిచి మళ్లీ తూచండి. చిన్న రాళ్లకి ఈ పరీక్షని నేనైతే ఒంటరిగా నమ్మను.

ఇక్కడ తీర్పు చెప్పేది డైక్రోస్కోపే. తెల్లని వెలుతురు రాయిలోంచి రావాలి. కెంపైతే ఒక గడిలో ఊదా ఎరుపు, పక్క గడిలో నారింజ ఎరుపు కనిపిస్తాయి. ఆప్టిక్ అక్షం వెంట చూస్తే మాత్రం కెంపులోనూ రెండూ ఒకే రంగు, కాబట్టి కనీసం మూడు దిక్కుల నుంచి చూడండి. జొన్నగిరి పొలాల్లో ఏరే రంగులేని రాళ్లకి ఈ పరికరం పనికిరాదు.

రెండు రంగులు కనిపించినా అది కెంపని తేలిందంతే. కృత్రిమ కెంపుకీ ఇవే విలువలు వస్తాయి. దాన్ని పట్టేది మైక్రోస్కోపు.